పాట అందరికీ వచ్చు, పేరే రాదు: టిఫిన్ సెంటర్ ప్రచారంలో లోపం ఎక్కడ?

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక టిఫిన్ సెంటర్ ఉందనుకుందాం. ఆటోకు మైకు కట్టి ఊరంతా పాట తిప్పుతున్నారు, పది టిఫిన్లకు ఒకటి ఫ్రీ అని కార్డూ ఇస్తున్నారు, అయినా గిరాకీ మాత్రం పెరగట్లేదు.

సమస్య: పిల్లలు కూడా పాట పాడుతున్నారు, కానీ అది ఎవరిదో చెప్పలేరు

కారణం: రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ముందు శబ్దం, వెంటనే తిండి. అందుకే కొన్నాళ్లకు శబ్దం వినగానే కుక్కకు లాలాజలం ఊరేది, దీన్నే క్లాసికల్ కండిషనింగ్ అంటారు. తిండి పెట్టేసి తర్వాత శబ్దం చేస్తే ఆ జత అంతగా కుదరదు. ప్రకటనలో దుకాణం పేరే ఆ శబ్దం, హుషారైన బాణీ తిండి. మనవాళ్లేమో పాటంతా అయ్యాక చివర్లో పేరు చెప్తారు. పైగా హిట్ సినిమా బాణీ తీసుకుంటారు, అది వినగానే హీరో గుర్తొస్తాడు తప్ప ఇడ్లీ గుర్తురాదు.

పరిష్కారం: కొత్త బాణీ కట్టించండి, చిన్నదైనా సరే. పేరుతోనే పాట మొదలవ్వాలి, మధ్యలో మళ్లీ రావాలి. కొత్తగా వచ్చినవాళ్లకు ఒక ముక్క వినిపించి ఎవరి పాటో అడగండి, పని చేస్తుందో లేదో అక్కడే తెలుస్తుంది. ఒక్క మాట, వచ్చినోళ్లకు చల్లారిన ఇడ్లీ పెడితే తర్వాత ఆ పాట వినగానే గుర్తొచ్చేది ఆ ఇడ్లీయే, అప్పుడు ఎంత మోగిస్తే అంత నష్టం.

సమస్య: కార్డు తీసుకుంటారు, రెండు మూడు ముద్రల దగ్గరే ఆగిపోతారు

నా లెక్కలో అసలు గిరాకీ పోయేది ఇక్కడే.

కారణం: చేసిన పనికి ఫలితం దక్కితే ఆ పని మళ్లీ చేస్తాం, అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ చెప్పిన ఆపరెంట్ కండిషనింగ్ ఇదే. పదో టిఫిన్ దాకా ఏమీ దక్కకపోతే మొదటి రాకలకు ఊతం ఉండదు.

పరిష్కారం: నూన్స్, డ్రేజ్ అనే పరిశోధకులు 2006లో అచ్చేసిన అధ్యయనంలో ఒక కార్‌వాష్ దగ్గర కొందరికి 8 ఖాళీ గడుల కార్డు, మిగతావాళ్లకు 10 గడుల్లో 2 ముందే ముద్ర వేసిన కార్డు ఇచ్చారు. ఎవరైనా కొనాల్సింది 8 సార్లే. అయినా మొదటి రకం 19 శాతం మంది పూర్తిచేస్తే రెండో రకం 34 శాతం మంది పూర్తిచేశారు. కాబట్టి మీ కార్డుకు 12 గడులు పెట్టి రెండు నింపి ఇవ్వండి, ఊరికే కాకుండా పండగ కానుక అనో ఏదో కారణం చెప్పి ఇవ్వండి. మీకు పైసా అదనపు ఖర్చు లేదు. ముద్ర మాత్రం డబ్బు తీసుకునేటప్పుడే పడాలి, "రేపు వేస్తం అన్నా" అంటే దాని బలం పోతుంది.

సమస్య: ఫ్రీ టిఫిన్ తిన్నాక కొన్నాళ్లు కనిపించరు

ఇన్నిసార్లకు ఒక బహుమతి అని లెక్క కట్టిన చోట, అది అందగానే కాస్త విరామం రావడం మామూలే, స్కిన్నర్ ప్రయోగాల్లోనూ ఇదే కనిపించింది. ఫ్రీ ప్లేటు ఇచ్చేటప్పుడే రెండు ముద్రలున్న కొత్త కార్డు చేతిలో పెట్టండి. అప్పుడప్పుడు చెప్పకుండా ఒక వడ అదనంగా వేయండి, ఎప్పుడొస్తుందో తెలియని బహుమతికి అలాంటి విరామం తక్కువ.