రియాక్టర్‌లోకి దిగే షిఫ్ట్ ముందు చదివి వినిపించవలసిన జాగ్రత్తలు

బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో ఒక బ్యాచ్ పూర్తయి మరో మందు మొదలుపెట్టే ముందు, రియాక్టర్ గోడలకు అంటుకున్న పదార్థాన్ని గీకి తీయడానికి ఒక్కోసారి మనిషే లోపలికి దిగవలసి వస్తుంది. అలాంటి పని ఉన్న రోజు షిఫ్ట్ ఇన్‌చార్జి ఈ కింది మాటలను మార్చకుండా, తొందరపడకుండా చదవాలి. ఒకే మాట మళ్లీ మళ్లీ రావడం కావాలని పెట్టిందే.

“అందరూ వినండి. ఈరోజు రియాక్టర్‌లో పని ఉంది. పర్మిట్ లేకుండా ఎవరూ దిగకూడదు. లోపల గాలి మంచిదో కాదో ముక్కు చెప్పలేదు. మీటరే చెప్పాలి. మీటర్ పెట్టకుండా ఎవరూ దిగకూడదు. పైపులకు బ్లైండ్ వేయాలి. వాల్వ్ మూస్తే చాలదు. బ్లైండ్ వేయకుండా ఎవరూ దిగకూడదు. మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి ఉండాలి. అతను అక్కడి నుంచి కదలకూడదు. లోపలి మనిషి పడిపోతే అతను దిగకూడదు. మీరూ దిగకూడదు. అలారం కొట్టాలి. తాడు లాగాలి. పడిపోయిన మనిషి కోసం ఎవరూ దిగకూడదు.”

చదవడం అయ్యాక “అర్థమైందా?” అని అడిగి ఊరుకోకూడదు. ఆ ప్రశ్నకు అందరూ తల ఊపుతారు. ఒకరిని పిలిచి “లోపలి మనిషి పడిపోతే నువ్వేం చేస్తావు?” అని అడిగి, సమాధానం అతని నోటితోనే చెప్పించాలి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు ఉన్న చోట అదే పాఠాన్ని వారి భాషలో కూడా చదివించాలి.

రియాక్టర్‌లో ముందు భయపడవలసింది నైట్రోజన్‌కు. సాల్వెంట్ ఆవిరికి నిప్పు అంటుకోకుండా ఉండేందుకు దాన్ని మనమే లోపలికి పంపుతాం. దానికి రంగు లేదు, వాసన లేదు, గొంతులో మంట పుట్టించదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గితే దిగకూడదు. నైట్రోజన్ బాగా నిండిన చోట రెండు మూడు ఊపిరులకే మనిషి స్పృహ తప్పుతాడు కాబట్టి, ఇబ్బంది అనిపిస్తే పైకి వచ్చేద్దాం అన్న లెక్క అక్కడ పనిచేయదు.

మీటర్ చూసేటప్పుడు ఆక్సిజన్ అంకెను ముందు చూడాలి, ఆ తరువాతే మండే ఆవిరి అంకెను చూడాలి. ఈ వరుసకు కారణం చాలామందికి తెలియదు. మండే ఆవిరిని కొలిచే సెన్సర్ చాలా మీటర్లలో ఆ ఆవిరిని లోపలే కాల్చి కొలుస్తుంది, కాల్చడానికి దానికి ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్ నిండిన రియాక్టర్‌లో టోలుయీన్ ఆవిరి ఎంత ఉన్నా అది సున్నా చూపించవచ్చు. ఆ సున్నాను నమ్మకూడదు.

ఉదాహరణకు, మ్యాన్‌హోల్ అంచున మీటర్ 20.8 చూపించిందనుకుందాం. అక్కడితో సంతకం పెట్టేస్తే ప్రమాదమే, ఎందుకంటే అది బయటి గాలి. గొట్టం వదిలి మధ్యలో కొలిస్తే 19.1, అడుగున కొలిస్తే 16.4 వచ్చింది. బ్లోయర్ పెట్టి అరగంట గాలి కొట్టాక అడుగున 20.6 వచ్చింది. బ్లోయర్ ఆపి పావుగంట ఆగి చూస్తే మళ్లీ 18.9కి పడిపోయింది. గాలి నిండిన రియాక్టర్‌లో ఆక్సిజన్ దానంతట అది తగ్గదు కాబట్టి, నైట్రోజన్ ఎక్కడినుంచో వస్తోందని దీని అర్థం. వాల్వ్ మూసే ఉంది, కానీ లోపల లీకవుతోంది. లైన్ విప్పి ఫ్లాంజ్‌ల మధ్య బ్లైండ్ ప్లేటు వేశాకే అంకె నిలబడుతుంది. టోలుయీన్ ఆవిరి గాలికన్నా దాదాపు మూడు రెట్లు బరువైనది, అడుగునే పేరుకుంటుంది కాబట్టి, ఆక్సిజన్ నిలబడ్డాక మండే ఆవిరి అంకెను కూడా అడుగునే చూడాలి. అజిటేటర్ మోటారుకు కరెంటు తీసి తాళం వేసి, తాళంచెవి దిగే మనిషి జేబులో ఉంచాలి. లోపలికి తీసుకెళ్లే లైటు 24 వోల్టులకు మించకూడదు, మండే ఆవిరి ఉండే చోట వాడదగ్గ రకమే అయి ఉండాలి.

కాపలా మనిషి విషయంలోనే పొరపాట్లు ఎక్కువ. హెల్పర్‌ను నిలబెట్టి, నడుమ “ఆ స్పానర్ తెచ్చిపెట్టు” అని పంపేవారు ఉన్నారు. అతని చేతిలో తాడు ఉండాలి, ఆ తాడు దిగిన మనిషి హార్నెస్‌కు కట్టి ఉండాలి, మ్యాన్‌హోల్ మీద ట్రైపాడ్, చేతితో తిప్పే వించ్ ఉండాలి. అవి లేకపోతే పడిపోయిన మనిషిని బయట నుంచి లాగడం సాధ్యం కాదు, అప్పుడు “దిగకూడదు” అన్న మాటను ఎవరూ పాటించరు. తోటివాడు కళ్లెదుట పడి ఉంటే కాలు ఆగదు. ఇలాంటి ప్రమాదాల్లో ఒకరి వెంట ఒకరు దిగి చనిపోవడం తరచూ జరిగేది అందుకే. దిగవలసివస్తే గాలి సిలిండరు, మాస్కు తగిలించుకున్న రెస్క్యూ మనుషులే దిగాలి. గుడ్డ కట్టుకున్నా, ఫిల్టరు మాస్కు పెట్టుకున్నా లోపల లేని ఆక్సిజన్ రాదు.

పని మధ్యలో భోజనానికి బయటికి వస్తే, తిరిగి దిగే ముందు మూడు చోట్లా మళ్లీ కొలవాలి. షిఫ్ట్ మారితే పాత పర్మిట్ చెల్లదు. వచ్చే షిఫ్ట్ ఇన్‌చార్జి మీటర్ అంకెలను తానే చూసి కొత్తది రాసి, పై పాఠాన్ని తన మనుషులకు మళ్లీ చదవాలి.