ఇంటర్వ్యూలో సెల్ఫ్ ఇంట్రడక్షన్ మధ్యలో ఆగిపోతోందా? వీక్‌నెస్ అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదా?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఈసీఈ చదివిన అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తోంది. ఫైనల్ ఇయర్‌లో ముగ్గురు స్నేహితులతో కలిసి, మట్టిలో తేమ చూసి మోటారు దానంతటదే ఆన్ అయ్యే ప్రాజెక్టు చేసింది. రెజ్యూమెలో చెప్పుకోదగ్గది అదొక్కటే. నిజానికి అది చాలు.

సమస్య: రెండు మూడు వాక్యాలు చెప్పగానే మాట ఆగిపోతుంది

టెన్షన్ వల్ల అనుకుంటాం. ఎక్కువసార్లు అసలు కారణం బట్టీ. సీనియర్ దగ్గర తీసుకున్న ఇంగ్లీషు పేరాలో పేరు మార్చి కంఠస్థం చేస్తే, ఒక్క మాట జారినా తర్వాతి మాట అందదు. మీది బట్టీయో కాదో తేల్చుకోవడం తేలికే. మీరు చెబుతుండగా మధ్యలో ఆపి ఏదో ఒకటి అడగమని ఫ్రెండ్‌కి చెప్పండి. జవాబిచ్చాక మళ్లీ "మైసెల్ఫ్..." దగ్గర నుంచి మొదలుపెట్టాల్సి వస్తే అది బట్టీయే.

పేరా పక్కన పెట్టి, కాగితం మీద మూడు విషయాలు మాత్రం రాసుకోండి: నా చదువు, కోడింగ్ వైపు ఎలా వచ్చాను, ప్రాజెక్టులో నా వంతు. వాక్యాలు రాయొద్దు. ముందు తెలుగులో గట్టిగా చెప్పండి, తర్వాత అదే సంగతిని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పి ఫోన్‌లో రికార్డు చేయండి. ప్రతిసారీ మాటలు కాస్త మారాలి, సంగతి మారకూడదు. నిమిషం నుంచి నిమిషంన్నర సరిపోతుంది. నాన్నగారి ఉద్యోగం, అమ్మ, తమ్ముడి చదువు, హాబీలు ఇంటర్వ్యూ చేసేవాళ్లు అడిగితేనే చెప్పండి.

సమస్య: ఇంట్రడక్షన్ అయ్యాక మనకు రాని ప్రశ్నే అడుగుతున్నారు

చాలామంది చివర్లో "నాకు సి, జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్ వచ్చు" అని ఆపేస్తారు. అవతలివాళ్లు సాధారణంగా చివర విన్నదాన్నే పట్టుకుంటారు. అందుకే ప్రశ్నలు ఎస్‌క్యూఎల్‌లో మొదలై ఎటో వెళ్లిపోతాయి.

చివరి మాట మీకు బాగా తెలిసినదై ఉండాలి. మన ఉదాహరణలో అమ్మాయి ఇలా ముగించవచ్చు: "ప్రాజెక్టులో కోడ్ భాగం నాది. మొదట తేమకు ఒకే హద్దు పెట్టాం. తేమ ఆ హద్దు దగ్గర ఊగుతుంటే మోటారు మాటిమాటికీ ఆన్, ఆఫ్ అయ్యేది. అప్పుడు ఆన్ కావడానికి ఒక హద్దు, ఆఫ్ కావడానికి అంతకంటే ఎక్కువ తేమ దగ్గర ఇంకో హద్దు పెట్టాను. సమస్య పోయింది." తర్వాతి ప్రశ్న చాలావరకు దీని మీదే వస్తుంది. "మేం చేశాం" అని మాత్రమే చెబితే మీరేం చేశారో వాళ్లకు తెలియదు. "నేను" అన్నదాన్ని ఎంత లోతుగా అడిగినా చెప్పగలగాలి. సెన్సర్ పని స్నేహితుడు చేస్తే ఆ మాటే చెప్పండి.

సమస్య: వీక్‌నెస్ చెప్పగానే "అది కాకుండా ఇంకోటి చెప్పండి" అంటున్నారు

"నేను పర్ఫెక్షనిస్టుని", "అందరినీ తొందరగా నమ్మేస్తాను" అని ఉంటారు. మొదటిది పొగడ్త, రెండోదానికి ఉద్యోగంతో సంబంధం లేదు. ఇవి వాళ్లు ఎన్నోసార్లు విన్నవే. మీ లోపం మీకు తెలుసా, దాని గురించి ఏమైనా చేస్తున్నారా అన్నదే వాళ్లు చూసేది.

నిజమైన లోపం ఒకటి తీసుకుని, అది ఎక్కడ ఇబ్బంది పెట్టింది, ఇప్పుడేం చేస్తున్నాను, ఇంకా ఎంత మిగిలింది అన్న వరుసలో చెప్పండి. అదే అమ్మాయి ఇలా చెప్పొచ్చు: "ఎక్కడైనా ఇరుక్కుంటే అడగడానికి మొహమాటపడతాను. మోటారు సమస్య మీద మూడు రోజులు ఒక్కదాన్నే కూర్చున్నాను. ల్యాబ్‌లో సార్‌ని అడిగితే పది నిమిషాల్లో దారి దొరికింది. ఇప్పుడు గంట ప్రయత్నించి, చూసినవన్నీ రాసుకుని అడుగుతున్నాను. కొత్తవాళ్లను అడగాలంటే ఇప్పటికీ కాస్త వెనకాడతాను." ఆ చివరి వాక్యం తీసేయకండి. లోపం పూర్తిగా పోయిందంటే "మరి ఇప్పుడున్న వీక్‌నెస్ ఏమిటి?" అని అడుగుతారు.

ఉద్యోగానికి ప్రాణమైనదాన్ని మాత్రం లోపంగా ఎంచుకోవద్దు. కాల్ సెంటర్ ఉద్యోగానికి వెళ్లి ఇంగ్లీషులో మాట్లాడలేనని, టెస్టింగ్ ఉద్యోగానికి వెళ్లి చిన్న చిన్న విషయాలు గమనించనని చెబితే ఆ జవాబును కాపాడుకోవడం కష్టం. కోపం, బద్ధకం లాంటి స్వభావాల కంటే పని చేసే తీరులోని లోపమైతే ఏం మార్చుకున్నారో చూపించగలరు.

బ్యాక్‌లాగ్‌లు వీక్‌నెస్ కింద చెప్పాల్సినవి కావు. వాటి గురించి విడిగా అడిగితే ఏ సబ్జెక్టు, ఎందుకు పోయింది, ఎప్పుడు పాసయ్యారో రెండు వాక్యాల్లో ఉన్నదున్నట్టు చెప్పి ఆపండి. మార్కుల మెమోలు వాళ్లు ఎలాగూ అడుగుతారు.