వాపసు వచ్చిన చీర, నాలుగో పాఠం: ఫాల్ గుర్తులా, మగ్గం గుర్తులా?

ఈసారి కొరియర్ వాళ్ల గురించి రాద్దామనుకున్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయినసారి నేను రాసిన ఒక్క వాక్యం వల్ల ఇద్దరు ముగ్గురికి ఇబ్బంది వచ్చింది. ముందు దాన్ని సరిచేయాలి.

"అంచు మీద సూది రంధ్రాలు కనిపిస్తే ఫాల్ కుట్టి విప్పినట్టే" అని రాశాను. అది చదివిన, మనలాగే చీరలు అమ్మే ఒక చెల్లెలు తనకు వాపసు వచ్చిన మంగళగిరి కాటన్ చీర విప్పి చూసింది. అంచు పొడవునా సన్నటి రంధ్రాలు ఉన్నాయి. వెంటనే కొన్నావిడకు "కట్టుకుని తిరిగి పంపారు, డబ్బు ఇవ్వను" అని మెసేజ్ పెట్టింది. ఆవిడ చాలా నొచ్చుకుంది. ఎందుకంటే ఆ చీర మడత కూడా సరిగా విప్పలేదు. ఫోటోలు నాకు పంపితే చూశాను. అవి మగ్గం గుర్తులు. తప్పు నాది, అందుకే ఇవాళ దీని మీదే ఎక్కువసేపు ఉంటాను.

చేమగ్గం మీద నేసేటప్పుడు బట్ట వెడల్పు తగ్గిపోకుండా రెండు చివరలా సూదులున్న కర్రను అడ్డంగా బిగిస్తారు. నేత ముందుకు సాగేకొద్దీ ఆ కర్రను జరుపుతూ ఉంటారు. జరిపిన ప్రతిచోటా సూదులు గుచ్చుకున్న గుర్తులు మిగులుతాయి. అవి రెండు అంచుల చివర్లలోనూ ఉంటాయి, చీర ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంటాయి. చేనేత చీర కొనేవాళ్లు కొందరు వీటిని చూసే అసలుదని నమ్ముతారు. అలాంటి గుర్తును పట్టుకుని కొన్నావిడను దొంగలా నిలబెట్టకూడదు.

ఫాల్ కుట్టిన గుర్తు వేరు. ఫాల్ ఒక్క అంచుకే, అదీ కింది అంచుకే వేస్తారు. బొడ్లో దోపుకునే కొస దగ్గర కొంచెం వదిలి మొదలుపెట్టి దాదాపు రెండున్నర, మూడు మీటర్ల దాకా కుడతారు. కొంగు వైపు దాకా పోదు. ఫాల్ వెడల్పు సుమారు ఐదు అంగుళాలు. కాబట్టి కుట్టు వరసలు రెండుంటాయి. ఒకటి అంచు చివరన, రెండోది దానికి ఐదు అంగుళాల పైన. అంచు చివర వరస మగ్గం గుర్తుల్లో కలిసిపోతుంది, దాన్ని నమ్మకండి. పై వరస కోసమే వెతకండి. చీర ఒంటి మీద, జరీ దాటిన చోట, మగ్గం సూది గుచ్చుకునే అవకాశమే లేదు.

వెతికే పద్ధతి చెబుతాను. చీర లోపలి కొసను కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకోండి. అంచు నుంచి ఐదు అంగుళాలకు స్కేల్ పెట్టి, అక్కడి నుంచి పక్కకు జరుగుతూ చూడండి. చేత్తో ఎత్తిన కుట్టు కాబట్టి రంధ్రాలు దూరం దూరంగా, ఒకే గీతలో కనిపిస్తాయి. ఒక్కోచోట చీర రంగుకు కాస్త తేడాగా ఉన్న దారప్పోగు ఇరుక్కుని ఉంటుంది. అది దొరికిందా, స్కేల్ పక్కనే పెట్టి ఫోటో తీయండి. తర్వాత చీరను కొంగు దాకా జరిపి, అదే ఎత్తులో ఇంకో ఫోటో తీయండి. అక్కడ రంధ్రాలు లేకపోతేనే మొదటి ఫోటోకు బలం. ఈ రెండో ఫోటో దాదాపు ఎవరూ తీయరు.

ఒక హద్దు కూడా గుర్తుపెట్టుకోవాలి. కాటన్ చీర తడిపి ఇస్త్రీ చేస్తే రంధ్రాలు చాలావరకు మూసుకుపోతాయి, పట్టులో అంత తేలిగ్గా పోవు. కాటన్‌లో రంధ్రాలు కనపడకపోతే గంజి చూడండి. కొత్త చీర బిరుసు, ఉతికిన చీర మెత్తదనం చేతికి తెలుస్తాయి. అదే లాట్‌లో మీ దగ్గరున్న ఇంకో చీరను పక్కన పెట్టి పోల్చండి. కొంగు భుజం మీదకు వచ్చే చోట పిన్ను గుచ్చిన జంట రంధ్రాలు, కింది అంచు లోపలివైపు నేల మురికి ఉన్నాయేమో కూడా చూడండి. మడత విప్పి అద్దం ముందు ఒకసారి చుట్టుకుని చూడటం వాడకం కాదు. కొనేవాళ్లకు ఆ మాత్రం హక్కు ఉండాలి.

ఇక నాకే జరిగిన ఒక సంగతి. 2,600 రూపాయల చీర, నేరుగా నా దగ్గరే కొన్నారు. ఆరో రోజు "ఫోటోలో రంగు వేరు" అని వాపసు వచ్చింది. విప్పే వీడియో తీశాను. ఐదు అంగుళాల దగ్గర వరస ఉంది, లేత ఆకుపచ్చ దారప్పోగు ఒకటి ఉంది. అయినా ముందు రంగు సంగతే తేల్చుకున్నాను. చూపించిన దానికి, పంపిన దానికి తేడా ఉంటే వాపసు తీసుకోవాల్సింది మనమే. ఆన్‌లైన్ మార్కెట్ సైట్లలో అమ్మేవాళ్లకైతే 2020 ఈ-కామర్స్ నిబంధనలు కూడా అదే చెబుతున్నాయి. చీరను పగటి వెలుగులో పెట్టి, నేను పెట్టిన ఫోటోతో పోల్చాను. తేడా లేదు. అప్పుడు ఇలా రాశాను:

"నమస్తే మేడమ్. చీర ఇవాళ అందింది. రంగును మళ్లీ పగటి వెలుగులో చూశాను, ఫోటో పంపుతున్నాను. కింది అంచుకు ఐదు అంగుళాల పైన కుట్టు గుర్తులు కనిపించాయి, పంపేటప్పటి వీడియోలో ఆ చోట లేవు. రెండూ జతచేశాను. మీ దగ్గర ఏం జరిగిందో చెప్పగలరా? మీ జవాబు చూశాకే ముందుకు వెళ్తాను."

"కట్టుకున్నారు" అనే మాట ఇందులో ఎక్కడా లేదు. కనపడింది రాశాను, అడిగాను. ఆ రాత్రి జవాబు వచ్చింది: "మా అమ్మ ఫాల్ వేయించిందండి, నాకు తెలియదు. రంగు నాకు నప్పలేదు." చీర ఆమెకే తిరిగి పంపాను, కొరియర్ ఖర్చు ఆమె ఇచ్చింది. కొంత డబ్బు కోసుకుని మిగతాది ఇచ్చే పద్ధతి నాకు నచ్చదు. ఎంత కోయాలనే దగ్గర మళ్లీ గొడవ మొదలవుతుంది.

చీరే మారి వస్తే? ఫాల్ గుర్తుల కంటే ఇది తేలిక, ముందు జాగ్రత్త ఉంటే. చేనేతలో పోగు అతికిన చోట చిన్న ముడి కనిపిస్తుంది, ఏ రెండు చీరల్లోనూ అది ఒకే చోట ఉండదు. కొంగు దగ్గర ఒక ముడిని ఎంచుకుని, అంచు నుంచి ఎంత దూరమో స్కేల్‌తో ప్యాకింగ్ వీడియోలో చూపించండి. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద బరువు కూడా చూపించండి. తేమకు బరువు కాస్త అటూ ఇటూ అవుతుంది కాబట్టి కొద్ది గ్రాముల తేడాకు ఉలిక్కిపడకండి. వచ్చిన చీర వేరేదైతే, అడిగే ముందు ఆ రోజు పంపిన మిగతా పార్సిళ్ల వీడియోలు కూడా చూడండి. రెండు చీరలు తారుమారై వేరే ఇంటికి వెళ్లి ఉండొచ్చు. ఆ తప్పు మనదైతే పూర్తి డబ్బు, రెండు వైపులా కొరియర్ ఖర్చు మనమే ఇవ్వాలి.

వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గి రంధ్రాలు కనపడవు. డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైల్ ఫోన్‌లోంచి తీసేయకండి.

అభ్యాసం: ఇంట్లో ఉన్న పాత కాటన్ చీరకు ఫాల్ వేయించి, ఒక రోజు ఉంచి విప్పండి. వెలుగుకు పట్టుకుని పై వరసను వెతికి ఫోటో తీయండి. తర్వాత తడిపి, ఇస్త్రీ చేసి, అదే చోట మళ్లీ తీయండి. పక్కన ఎప్పుడూ ఫాల్ వేయని చేనేత చీర పెట్టి మగ్గం గుర్తులు కూడా తీయండి. మూడు ఫోటోలూ మీ ఇంట్లో ఒకరికి చూపించి, ఏది ఏదో చెప్పమనండి. వాళ్లు తడబడితే మీ ఫోటోలో స్కేలో వెలుగో సరిపోలేదన్నమాట, మళ్లీ తీయండి.