గ్రూవ్‌కి టూల్ పెట్టే ముందు: ఆ రెండో అంకె ఏమిటి?

భీమవరం చుట్టుపక్కల చెరువుల ఏరియేటర్ షాఫ్ట్ లేత్ మీద ఉందనుకోండి. M20 × 2.5 మర, దాని చివర గ్రూవ్‌కి డ్రాయింగులో `6 × 2` అని ఉంది.

- ముందు Ø గుర్తు ఉందో లేదో చూడండి. `6 × Ø16` అని ఉంటే గ్రూవ్ డయామీటర్ నేరుగా 16. గుర్తు లేకపోతే 6 వెడల్పు, 2 లోతు.
- లోతు ఒక వైపుది, కాబట్టి రెండింతలు తీయాలి: 20 − 4 = 16. ఒక్కసారే తీసి 18 దగ్గర ఆపితే పని చెడినట్టే. ఈ మర అడుగు డయామీటర్ సుమారు 16.9; గ్రూవ్ అంతకన్నా లావుగా ఉంటే టూల్ బయటికి వచ్చే చోటు ఉండదు, నట్టు భుజం దాకా వెళ్లదు.
- 16 మరీ సన్నమనిపించినా మీరుగా పెంచకండి, డ్రాయింగు ఇచ్చినవారిని అడగండి.
- గ్రైండింగ్ గ్రూవ్‌కి `DIN 509-F 0.6 × 0.3` అని ఉంటే దారి వేరు. 0.6 మూల రేడియస్, వెడల్పు కాదు; వెడల్పు పట్టికలో చూడాలి. 0.3 లోతు గ్రైండింగ్ అయ్యాక మిగలాల్సింది. ఫినిష్ సైజు 30 అయితే గ్రూవ్ 29.4. గ్రైండింగ్‌కి ముందు ఇప్పుడున్న 30.3 నుంచి లెక్కేస్తే 29.7 దగ్గర ఆగిపోతారు, చివరికి సగం లోతే మిగులుతుంది.