స్క్రీన్‌షాట్ పట్టుకుని నిలదీసే ముందు

డబ్బు దగ్గర మాటామాటా వచ్చిన ఇద్దరు స్నేహితురాళ్ల వాట్సాప్ చాట్ ఇది. 9:10కి ఒకామె "ఇరవయ్యో తేదీకల్లా ఇచ్చేస్తాను" అంది. పక్కన చిన్న అక్షరాల్లో Edited అని ఉంది. 9:14కి రెండో ఆమె "సరే" అంది. ఇప్పుడు ఆమె అంటున్నది: "ముందు పదో తేదీ అనే ఉంది. నేను సరే అన్నాక మార్చేసింది."

నిజమే కావచ్చు. కానీ ఈ స్క్రీన్‌షాట్ ఆ మాట చెప్పదు. అక్కడ కనిపించే 9:10 మెసేజ్ పంపిన సమయం, మార్చిన సమయం కాదు. తేదీ తప్పు పడిందని అరనిమిషంలో దిద్దుకున్నా, "సరే" చూశాక తెలివిగా మార్చినా, కనిపించేది అదే ముద్ర. పాత మాట ఏమిటో కూడా వాట్సాప్ చూపించదు.

ఒక్క ఆధారం మాత్రం ఉంది. పంపిన 15 నిమిషాల వరకే మార్చడం కుదురుతుంది. అంటే ఇక్కడ 9:25 దాకా. "సరే" 9:40కి వచ్చి ఉంటే, మార్పు అప్పటికే జరిగిపోయిందనుకోవచ్చు. జవాబిచ్చినామె ఫోన్‌లో ఆ సమయానికి నెట్ ఉందా అన్నది మాత్రం అడగాలి. లేకపోతే ఆమె చూసింది పాత మాటే కావచ్చు.

This message was deleted అన్న వాక్యం చెప్పేది ఇంకా తక్కువ. ఆ సమయానికి ఏదో పంపారు, తర్వాత తీసేశారు, అంతే. తిట్టో, ఫోటోనో, వేరే గ్రూపుకి వెళ్లాల్సిన మెసేజో తెలియదు. నేను డిలీట్ చేసేవాటిలో సగం అక్షరదోషాలే! తీసేయడానికి దాదాపు రెండు రోజుల గడువుంటుంది కాబట్టి, ఎప్పుడు తీశారో కూడా ఆ వాక్యాన్ని బట్టి చెప్పలేం. గ్రూపులో అయితే అడ్మిన్ తీసేసి ఉండవచ్చు. అప్పుడు అడ్మిన్ పేరు కనిపిస్తుంది, కాబట్టి ఆ వాక్యాన్ని పూర్తిగా చదవండి.

చాలామంది పట్టించుకోనిది అసలు ఆ వాక్యమే లేని డిలీట్. Delete for me నొక్కితే ఆ ఫోన్‌లో మాత్రమే మెసేజ్ పోతుంది, ఆనవాలు ఉండదు. స్క్రీన్‌షాట్ ఇచ్చిన మనిషి తన మూడు మాటలు అలా తీసేసి, ఎదుటివాళ్ల కోపం ఒక్కటే మిగల్చవచ్చు. అందుకే ఏ మచ్చా లేని స్క్రీన్‌షాట్ చూస్తే నాకు అనుమానం ఎక్కువ.

అందుకని బొమ్మ కాకుండా ఫోన్ చూపించమనండి, వీలైతే ఇద్దరివీ. రెండింటిలో ఆ రోజు చాట్‌ను పైనుంచి కిందికి పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేని మెసేజ్ దొరుకుతుంది. డిలీటైనవి తిరిగి తెస్తామనే యాప్‌ల జోలికి పోకండి. అవి ఎక్కువగా నోటిఫికేషన్‌లు చదివి దాచుకునేవి, అంటే ఇకపై మీకు వచ్చే ప్రతి మెసేజ్ వాటి చేతిలో పడుతుంది. మెసేజ్ మార్చినామెను "ఏం దాచావు?" అని కాకుండా "9:10 మెసేజ్‌లో ముందు ఏ తేదీ రాశావు?" అని అడగండి.