ట్రాన్స్‌క్రిప్ట్ నుంచి సారాంశం, 4వ పాఠం: పాయింట్లా, టేబులా, పేరానా?

కిందటి పాఠంలో ట్రాన్స్‌క్రిప్ట్‌లోని ఊకదంపుడంతా తీసేసి, అసలు మాటలు మిగుల్చుకోవడం చూశాం. ఈసారి మిగిలిన ఆ మాటల్ని ఏ రూపంలో పెట్టాలో చూద్దాం. మనలో చాలామంది చెయ్యి తిన్నగా పాయింట్ల మీదకే పోతుంది. నేనూ అలాగే రాసేవాణ్ణి, దానివల్ల ఒకసారి డబ్బు ఇరుక్కుపోయింది కూడా.

బెంగళూరులో మారతహళ్ళి వైపు మేముండే అపార్ట్‌మెంట్‌లో సగం మంది తెలుగువాళ్లే. బోరు ఎండిపోయిన వేసవిలో ట్యాంకర్ నీళ్ల గురించి మీటింగ్ పెట్టుకుని, యాభై నిమిషాలు రికార్డ్ చేశాం. అందులో సెక్రటరీ గారు అన్న మాట ఇదీ, ఇక్కడ టీడీఎస్ అంటే పన్ను కోత కాదు, నీళ్లలో కరిగి ఉన్న లవణాల కొలత:

"రెండో ఆయన దగ్గరే తీసుకుందామండీ, కానీ టీడీఎస్ రిపోర్ట్ వచ్చాకే అడ్వాన్స్ ఇద్దాం, ఈలోగా పాతాయన్ని ఆపొద్దు."

నేను రాసిన పాయింట్లు ఇవి:

- రెండో సప్లయర్ ఖరారు
- టీడీఎస్ రిపోర్ట్ తీసుకోవాలి
- అడ్వాన్స్ ఇవ్వాలి
- పాత సప్లయర్ కొనసాగింపు

ఒక్కో పాయింట్ విడిగా చూస్తే అబద్ధం లేదు. కానీ ట్రెజరర్ గారు మూడో పాయింట్ చదివి ఆ రాత్రే అడ్వాన్స్ పంపేశారు. ఆయన తప్పేం లేదు. "వచ్చాకే" అన్న ఒక్క మాట నా చేతిలో జారిపోయింది. పాయింట్లు చేసే పని అదే, మాటకీ మాటకీ మధ్య ఉన్న "కానీ", "అందుకే", "అయితేనే" అనే ముడులు తెంపేస్తాయి. కాబట్టి రాశాక ఒక పరీక్ష పెట్టండి: పాయింట్ల వరుస తారుమారు చేసి చదవండి. అర్థం చెడకపోతే అవి పాయింట్లే. చెడితే, ముడి ఉన్న రెంటినీ ఒకే పాయింట్‌లో కలపాలి, లేదా పేరా రాయాలి.

ఇప్పుడు అదే ట్రాన్స్‌క్రిప్ట్‌ని ముగ్గురికి రాద్దాం. ప్రతిసారీ అడగాల్సింది ఒకటే, చదివాక ఈ మనిషి ఏం చేయబోతున్నారు?

ట్రెజరర్ గారు ధరలు పోల్చబోతున్నారు, ఆయనకి టేబుల్.

| సప్లయర్ | లోడ్ (లీటర్లు) | ధర | వెయ్యి లీటర్లకు | టీడీఎస్ |
|---|---|---|---|---|
| పాతాయన | 6,000 | ₹900 | ₹150 | 480 |
| రెండో ఆయన | 12,000 | ₹1,500 | ₹125 | రిపోర్ట్ రాలేదు |
| మూడో ఆయన | 12,000 | ₹1,620 | ₹135 | మీటింగ్‌లో చెప్పలేదు |

మీటింగ్‌లో అందరూ "లోడ్ ఇంత" అనే మాట్లాడారు, అలా వింటే 900 చవకగా అనిపిస్తుంది. వెయ్యి లీటర్లకు లెక్క కట్టి ఒక నిలువు వరుస పెట్టేసరికి పాతాయనదే ఎక్కువని తేలిపోయింది. ఇంకోటి, చివరి గడి చూడండి. మూడో ఆయన నీళ్ల గురించి ఎవరూ అడగనే లేదన్న సంగతి యాభై నిమిషాలు విన్నా నాకు తట్టలేదు, గడి ఖాళీగా కనబడ్డాకే తెలిసింది. అలాంటి గడిని ఊహించి నింపకండి, ఖాళీగానూ వదలకండి, "చెప్పలేదు" అని రాయండి. సగం గడులు అలాగే ఉన్నాయంటే, లేదా ఒక్కో గడిలో రెండు మూడు వాక్యాలు ఇరికించాల్సి వస్తోందంటే, అది టేబుల్‌కి తగిన విషయం కాదు.

సూపర్‌వైజర్ పని చేయాలి, చేసినదానికి టిక్కు పెట్టుకోవాలి. అతనికి పాయింట్లు, షరతు మాత్రం అదే పాయింట్ లోపల ఉండాలి:

- శనివారం ఉదయం రెండో ఆయన ట్యాంకర్ నుంచి శాంపిల్ పట్టి ల్యాబ్‌లో ఇవ్వాలి.
- ఆ రిపోర్ట్ చూసి సెక్రటరీ గారు చెప్పేదాకా పాత ట్యాంకరే పిలవాలి.
- సంప్‌లో నీళ్లు ఎంతున్నాయో ఉదయం, సాయంత్రం రిజిస్టర్‌లో రాయాలి.

అతను చూసేది వాట్సాప్‌లో, చిన్న ఫోన్‌లో. అక్కడ టేబుల్ పేస్ట్ చేస్తే గడులన్నీ చెదిరిపోతాయి, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇక ఫ్లాట్ అద్దెకిచ్చి నెల్లూరులో ఉండే ఓనర్ గారు. మీటింగ్‌కి రాలేదు, ఆయన అడిగేది "ఎందుకలా నిర్ణయించారు?" అని. కారణాలు చెప్పాలంటే పేరానే:

"రెండో ఆయన దగ్గర వెయ్యి లీటర్లకు 25 రూపాయలు తగ్గుతుంది కాబట్టి అందరూ అటే మొగ్గారు. కానీ నీళ్లు ఎలాంటివో తెలియకుండా డబ్బు కట్టడం ఇష్టం లేక, టీడీఎస్ రిపోర్ట్ చూశాకే అడ్వాన్స్ ఇవ్వాలనుకున్నారు. అందుకే అప్పటిదాకా పాతాయన్నే ఉంచుతున్నారు."

ఇందులోంచి "కాబట్టి", "కానీ", "అందుకే" తీసేసి చదవండి, ఓనర్ గారి ప్రశ్నకి జవాబే ఉండదు.

అభ్యాసం: మీ దగ్గరున్న ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఓ పది నిమిషాల భాగం తీసుకుని, ఇలాంటి ముడి మాటలన్నిటి కిందా గీత గీయండి. తర్వాత దాన్ని పాయింట్లుగా రాసి, గీత గీసినవాటిలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. పోయిన ప్రతి మాట దగ్గరా, అది లేకుండా చదివినవాళ్లు ఏ పని పొరపాటుగా చేసేస్తారో ఒక వాక్యం రాసిపెట్టుకోండి, 5వ పాఠంలో దాంతోనే మొదలుపెడదాం.