రంజాన్ హలీం పేజీ ప్రతి ఏడాదీ గూగుల్‌లో మళ్ళీ మొదటికే వస్తోందా? సమస్య - పరిష్కారం

టోలిచౌకి వైపు ఒక హోటల్ ఉందనుకోండి. రంజాన్ నెలంతా హలీం ఆన్‌లైన్‌లో అమ్ముతారు, దానికోసం ఏడాదికో పేజీ కొత్తగా చేస్తారు. `/ramzan-haleem-2024/` అయింది, `/ramzan-haleem-2025/` అయింది, ఇప్పుడు 2026ది పెట్టారు. రెండో రోజా నాటికే ఓనర్ నుంచి ఫోన్. "అన్నా, గూగుల్‌ల కొడితే పోయినేడాది పేజే వస్తాంది, కస్టమర్లు పాత రేటుకే ఇయ్యమంటున్రు." ఇది ఒక్క హలీంకే కాదు, దసరా చీరల ఆఫర్లకీ దీపావళి స్వీట్లకీ ఇదే గోల, కానీ హలీంతో చెప్తే మొత్తం విషయం అర్థమవుతుంది కాబట్టి దాన్నే పట్టుకుందాం.

సమస్య 1: కొత్త పేజీ ఉన్నా పాతదే పైకి వస్తోంది

కారణం అడ్రస్‌లో ఉన్న ఆ సంవత్సరం. పోయినేడాది ఫుడ్ బ్లాగుల వాళ్ళు "ఎక్కడెక్కడ హలీం తినాలి" అని లిస్టులు రాసి లింక్ ఇచ్చింది 2025 పేజీకి. జనం సేవ్ చేసుకున్నది, ఫ్రెండ్స్‌కి పంపింది కూడా దాన్నే. కొత్త పేజీకి ఎవరి లింకూ లేదు, గూగుల్‌కి అది ముక్కూ మొహం తెలియని పేజీ. మామూలు పేజీ అయితే నెమ్మదిగా పైకొస్తుందిలే అని ఆగొచ్చు, కానీ మన సీజన్ మొత్తం నెల రోజులే కదా, గూగుల్ దాన్ని గుర్తుపట్టేలోపు ఈద్ నెలవంక కనిపించేస్తుంది.

ఇదే జబ్బని ఎలా తెలుస్తుందంటే, సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిచి, క్వెరీ ఫిల్టర్‌లో haleem అని పెట్టి, పేజెస్ ట్యాబ్ చూడండి. ఒకే మాటకి మీ సైట్‌వే రెండు మూడు అడ్రస్‌లు ఇంప్రెషన్లు పంచుకుంటుంటే అదే.

పరిష్కారం: సంవత్సరం లేని ఒకే అడ్రస్ పెట్టుకోండి, `/ramzan-haleem/`. సంవత్సరం టైటిల్‌లో, పెద్ద హెడ్డింగ్‌లో, మొదటి లైన్‌లో ఉంటే చాలు, అవి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అసలు రంజాన్‌కి మన క్యాలెండర్ సంవత్సరం నప్పదు కూడా, ఏటా 10-11 రోజులు ముందుకి జరుగుతుంది, 2030లో అయితే జనవరిలో ఒకటి, డిసెంబర్ చివర్లో ఇంకోటి, రెండు రంజాన్లు మొదలవుతాయి. అప్పుడు `-2030` అని దేనికి పెడతారు?

పాత అడ్రస్‌లన్నిటినీ కొత్తదానికి 301 రీడైరెక్ట్ చేయాలి. అపాచీ సర్వర్ అయితే `.htaccess`లో ఇంతే:

```
Redirect 301 /ramzan-haleem-2024/ /ramzan-haleem/
Redirect 301 /ramzan-haleem-2025/ /ramzan-haleem/
Redirect 301 /ramzan-haleem-2026/ /ramzan-haleem/
```

ప్రతి పాతదీ నేరుగా కొత్తదానికే పోవాలి. 2024ని ఇంతకుముందే 2025కి తిప్పి ఉంటే ఆ పాత రూల్ తీసేయండి, లేదంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి గొలుసులా తిరుగుతుంది.

వర్డ్‌ప్రెస్ వాళ్ళు ఇక్కడ జాగ్రత్త. పోస్ట్ స్లగ్ మారిస్తే వర్డ్‌ప్రెస్ దానంతటదే పాత అడ్రస్‌ని కొత్తదానికి పంపుతుంది, అది చూసి అలవాటైన చాలామంది పేజీకి కూడా అలాగే జరుగుతుందని వదిలేస్తారు. పేజీలకి ఆ సదుపాయం లేదు, రీడైరెక్ట్ మీరే పెట్టాలి. పెట్టాక చెక్ చేయండి:

```
curl -I https://example.com/ramzan-haleem-2025/
```

మొదటి లైన్‌లో 301, కింద `location` దగ్గర కొత్త అడ్రస్ కనిపించాలి. 302 అని వస్తే అది తాత్కాలికం అని చెప్పినట్టు, మార్చండి. తర్వాత మెనూలో, పాత పోస్టుల్లో, సైట్‌మ్యాప్‌లో ఉన్న లింకులన్నీ కొత్త అడ్రస్‌కి సరిచేయండి. రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెప్తుంది, నేనైతే ఎప్పటికీ తీయొద్దంటాను, పాత పాంప్లెట్ మీద ప్రింటయిన క్యూఆర్ కోడ్‌ని ఎవరు ఎప్పుడు స్కాన్ చేస్తారో చెప్పలేం.

అడ్రస్ మార్చాక కొన్నాళ్ళు ర్యాంక్ అటూ ఇటూ ఊగుతుంది. అందుకే ఈ పని రంజాన్‌లో అస్సలు చేయొద్దు, రెండు మూడు నెలల ముందే కానిచ్చేయండి. ఇక ఏటా రేట్లూ ఆఫర్లూ మార్చే పనైతే షబ్-ఎ-బరాత్ నాటికి పూర్తయితే చాలు, అక్కడి నుంచి రంజాన్‌కి దాదాపు రెండు వారాలుంటుంది.

సమస్య 2: పోయినేడాది పైనే ఉన్న పేజీ ఈసారి ఎక్కడా లేదు

ఈద్ అయిపోగానే ఎవరో పేజీని డ్రాఫ్ట్‌లోకి నెట్టి ఉంటారు. గూగుల్ వచ్చి చూసిన ప్రతిసారీ 404 కనిపిస్తే కొన్నాళ్ళకి ఇండెక్స్‌లోంచి తీసేస్తుంది, పది నెలల తర్వాత మళ్ళీ పబ్లిష్ చేస్తే దాదాపు కొత్త పేజీతో సమానం. హోమ్ పేజీకి రీడైరెక్ట్ చేయడం కూడా పరిష్కారం కాదు, హలీం పేజీకీ హోమ్ పేజీకీ సంబంధం లేదు కాబట్టి గూగుల్ దాన్ని కూడా 404 లాగే లెక్కేస్తుంది.

పేజీని ఏడాదంతా తెరిచే ఉంచండి. సీజన్ అయ్యాక ఆర్డర్ బటన్, రేట్లు, ఆఫర్లు తీసేసి పైన ఒక్క లైన్ పెట్టండి, "ఈ ఏడాది హలీం అయిపోయింది, వచ్చే రంజాన్‌కి మొదలవగానే చెప్పాలంటే నంబర్ ఇవ్వండి" అని. కింద ఎప్పటికీ మారని సంగతులుంటాయి కదా, గోధుమ రవ్వ ఎంతసేపు నానుతుంది, మటన్ ఎన్ని గంటలు ఉడికి ఎలా మెదుపుతారు, ప్యాక్‌తో వేయించిన ఉల్లిపాయ, నిమ్మకాయ ఇస్తారా, ఇంటికెళ్ళాక గట్టిపడితే ఎలా వేడి చేసుకోవాలి, అవన్నీ అలాగే ఉంచండి. నిజానికి పేజీకి బలం అక్కడే, రేట్లలో కాదు. హోమ్ పేజీలో బ్యానర్ తీసేసినా ఫుటర్‌లో చిన్న లింక్ మాత్రం వదిలేయండి.

సమస్య 3: అడ్రస్ అదే, రేటు మార్చాం, కానీ పాతదే కనిపిస్తోంది

ముందు ఎక్కడ పాతది కనిపిస్తోందో తేల్చుకోండి, ఎందుకంటే ఒక్కోచోటకి ఒక్కో మందు.

పేజీ తెరిస్తేనే పాత రేటు 280 అని ఉంటే అది క్యాష్. అడ్రస్ చివర `?x=1` తగిలించి తెరవండి, అప్పుడు కొత్త రేటు 320 కనిపిస్తే క్యాష్ ప్లగిన్‌లోనూ సీడీఎన్‌లోనూ ఆ పేజీ క్యాష్ తుడిచేయండి. అప్పటికీ 280 ఉందంటే బ్యానర్ ఫోటోలోనే రేటు రాసి ఉంటుంది, చూడండి. రేటు ఫోటోలో వద్దు, మామూలు అక్షరాల్లోనే పెట్టండి.

పేజీ బాగానే ఉండి గూగుల్ రిజల్ట్‌లో పాతది ఉంటే, సెర్చ్ కన్సోల్ యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ఆఖరిసారి ఎప్పుడు క్రాల్ చేసిందో తేదీ ఉంటుంది. అది మీరు మార్చిన రోజుకన్నా ముందుదైతే రిక్వెస్ట్ ఇండెక్సింగ్ నొక్కి ఆగండి. తర్వాతదే అయినా టైటిల్‌లో 2025 అనే వస్తుంటే, హెడ్డింగ్‌లోనో `og:title`లోనో పాత సంవత్సరం మిగిలిపోయి ఉంటుంది, గూగుల్ టైటిల్‌ని వాటిలోంచి కూడా తీసుకుంటుంది.

వాట్సాప్‌లో లింక్ పంపితే పాత బొమ్మ వస్తుంటే, కొత్త బొమ్మని కొత్త ఫైల్ పేరుతో ఎక్కించి `og:image` మార్చండి. ఇప్పటికే పంపేసిన మెసేజ్‌లలోది మాత్రం మారదు.

ఒకటి మాత్రం చేయొద్దు, లోపల ఏమీ మార్చకుండా పైన తేదీ ఒక్కటే కొత్తది వేయడం. సైట్‌మ్యాప్‌లో `lastmod` తేదీని నిజంగా మార్పు జరిగినప్పుడే మార్చండి, ఊరికే మారుస్తుంటే గూగుల్ మీ తేదీల్ని నమ్మడం మానేస్తుంది.

సమస్య 4: అన్నీ సరిగ్గా చేశాం, అయినా ట్రాఫిక్ పోయినేడాదిలో సగం కూడా లేదు

మార్చిని మార్చితో పోల్చారా? 2025లో మనకి రంజాన్ మార్చి 2న మొదలైంది, 2026లో ఫిబ్రవరి మూడో వారానికే వచ్చేసింది. తేదీకి తేదీ పెట్టి చూస్తే పడిపోయినట్టే కనిపిస్తుంది. సెర్చ్ కన్సోల్‌లో కంపేర్ తీసుకుని, కస్టమ్ తేదీల్లో ఒకవైపు ఈసారి మొదటి రోజా నుంచి పది రోజులు, ఇంకోవైపు పోయినసారి మొదటి రోజా నుంచి పది రోజులు పెట్టండి. 16 నెలల డేటానే ఉంటుంది కాబట్టి ప్రతి ఈద్ అయ్యాక ఆ నెల నంబర్లు డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. అలా చూసినా తక్కువే ఉంటే, అప్పుడు మళ్ళీ సమస్య 1 దగ్గర్నుంచి ఒక్కోటీ చెక్ చేసుకుంటూ రండి.